మలికిపురం కంప్యూటరు పాపాయమ్మ

మలికిపురంలో ఫోనెత్తి మాట్లాడిన మొదటి కంప్యూటరుకి మోకాళ్ళ నొప్పులుండేవి. పొద్దున్నే కాఫీ పడకపోతే అది పనిచేసేది కాదు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక కునుకు తీసేది. ఆ వేళలో ఎవరైనా ఫోను చేస్తే చిరాకుపడేది కూడా. దాని పేరు పాపాయమ్మ.

అంతకు ముందు పాపాయమ్మ ఏ ఉద్యోగమూ చేసిన మనిషి కాదు. చదువు అయిదో తరగతి దగ్గర ఆగిపోయింది. భర్త పోయాక సొంత ఇంటికి తాళం వేసి, మలికిపురంలో కూతురు శాంతి దగ్గరికి వచ్చేసింది. ఆవిడకున్న ఆస్తల్లా నోరు. చెడ్డ నోరు కాదు పాపం, తీరికలేని నోరు. వీధిలో ఎవరికి జలుబు చేసినా ఆవిడకి తెలియాలి. తెలిశాక మందు చెప్పాలి. చెప్పాక మర్నాడు తగ్గిందో లేదో వెళ్ళి కనుక్కోవాలి. కూరల బండి ఆవిడ గుమ్మం ముందు ఆగిందంటే ఆ పూట వీధి చివరి ఇళ్ళవాళ్ళు పచ్చడి మెతుకులతో సరిపెట్టుకోవలసిందే.

అంతటి నోరూ ఒక్క మనిషి ముందు ఠక్కున మూతపడేది. ఆ మనిషి అల్లుడు నాగబాబు. అత్తగారన్నాక అల్లుడికి ఎదురుపడకూడదు, ముఖాముఖీ మాట్లాడకూడదు అని వాళ్ళమ్మ నేర్పిన మర్యాద. ఊళ్ళో మిగతా అత్తగార్లు ఆ మర్యాదని ఎప్పుడో గాలికొదిలేసి, అల్లుళ్ళతో కలిసి కూర్చుని టీవీ సీరియళ్ళు చూస్తున్నారు. పాపాయమ్మ మాత్రం పట్టుకుని వేలాడుతోంది. నాగబాబు పదేళ్ళు మస్కట్‌లో ఉన్నాడు కాబట్టి అన్నాళ్ళూ ఇబ్బంది లేకపోయింది. సముద్రం అవతల ఉన్నవాడికి తలుపు చాటున ఉండడం ఎంత పని! 2006లో అతను పెట్టె సర్దుకుని వచ్చేసి, "ఇంక వెళ్ళను" అనేసరికి ఆవిడకి అసలు కష్టాలు మొదలయ్యాయి.

"శాంతీ, మీ ఆయన్ని చల్లారకముందే టిఫిను తినమను" అని వంటింటి తలుపు వెనకనుంచి ఆవిడ అనేది.

"తింటున్నానని చెప్పు" అని నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని అతననేవాడు.

శాంతి అటు చెప్పేదీ లేదు, ఇటు చెప్పేదీ లేదు. ఇద్దరికీ వినపడుతూనే ఉంటుంది. అయినా మధ్యన ఒక మనిషంటూ ఉండాలి. శాంతి బజారుకెళ్తే పాపాయమ్మ ఆ మాటే గోడనున్న క్యాలెండరుకి చెప్పేది.

ఇంత దాగుడుమూతలాడినా, అల్లుడంటే ఆవిడకి ప్రాణం. అతను మస్కట్‌లో ఉన్న పదేళ్ళూ శుక్రవారం ఫోను వచ్చేది. మాట్లాడడం అయిపోయాక కూడా శాంతి ఆ రిసీవరు చెవికి పెట్టుకుని కాసేపు అలాగే కూర్చునేది. అవతల ఏమీ వినపడదని తెలిసీ కూర్చునేది. అది చూసి పాపాయమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఉల్లిపాయలు కోస్తున్నట్టు ముక్కు ఎగబీల్చుకునేది. ఇప్పుడు మొగుడు వచ్చాక ఆ పిల్ల అంట్లు తోముతూ కూనిరాగం తీస్తోంది. ఆ రాగం ఆగిపోకూడదు, అల్లుడు మళ్ళీ విమానం ఎక్కకూడదు. పాపాయమ్మకి దేవుణ్ణి అడగడానికి ఇంకో కోరికే మిగల్లేదు.

నాగబాబు ఊరికే రాలేదు, బుర్రలో ఒక ఆలోచనతో వచ్చాడు. కోనసీమలో ఎటు చూసినా కొబ్బరి చెట్లే గానీ చెట్టెక్కి కాయ దింపే మనిషి దొరకడం గగనమైపోయింది. ఎక్కేవాళ్ళ పిల్లలు కూడా గల్ఫు వెళ్ళిపోయారు. తోటలున్న ఆసాములు దింపు కోసం మనుషుల ఇళ్ళ చుట్టూ తిరగవలసిన రోజులొచ్చాయని అతని లెక్క. అందుకని ఒక ఫోను నంబరు పెడతాడట. ఆ నంబరుకి చేస్తే కంప్యూటరు ఎత్తుతుందట. ఒకటి నొక్కు, రెండు నొక్కు అని చెబుతుందట. నొక్కాక ఫలానా రోజున దింపు మనిషి తోటకి వస్తాడట. మస్కట్‌లో బ్యాంకుకి ఫోను చేస్తే అలాగే మాట్లాడేదని, అది విన్ననాడే తనకి ఈ ఆలోచన వచ్చిందని నాగబాబు కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు.

కాకినాడలో ప్రోగ్రాములు రాసిచ్చే కంపెనీ వాళ్ళని కలిసి వచ్చాడు. వాళ్ళు కుర్చీ వేసి కూల్‌డ్రింకు ఇచ్చి, తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ మాట్లాడేటట్టు చేస్తామన్నారు. దింపు మనుషుల ఫోటోలు, తోటల మ్యాపులు, ఏడాది లెక్కలు అన్నీ అందులోనే వస్తాయన్నారు. అందుకు వాళ్ళు చెప్పిన సొమ్ము విని శాంతి రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడు పక్కింటి జ్యోతిర్మయి అడ్డుపడింది. ఆ అమ్మాయి హైదరాబాదులో రెండేళ్ళు సాఫ్ట్‌వేరు ఆఫీసులో పనిచేసి, పెళ్ళయ్యాక ఊరొచ్చి రాజోలులో కంప్యూటరు పాఠాలు చెబుతోంది. శాంతిని అక్కా అంటుంది కాబట్టి నాగబాబు ఆమెకి బావగారు.

"బావగారూ, అసలు ఎవరైనా ఫోను చేస్తారో లేదో మీకు తెలుసాండి?" అంది.

"ఎందుకు చెయ్యరు? ఆసాములు క్యూ కడతారు."

"కడితే మంచిదే. ముందు అది చూద్దామండి. చూడ్డానికి కంపెనీ అక్కర్లేదు. ఒక సెల్లు, ఒక మనిషి, ఒక కాగితం చాలు. కంప్యూటరు ఏం చెబుతుందో ఆ కాగితం మీద రాస్తాను. మనిషి ఫోనెత్తి అదే చదవాలి. జనం నొక్కుతారా, వింటారా, మళ్ళీ చేస్తారా అన్నది మనకి తేలిపోతుంది. తప్పు తేలితే కాగితం చింపి ఇంకోటి రాసుకుంటాం. రాయించిన ప్రోగ్రాం చింపాలంటే ఆ కాకినాడ వాళ్ళు ఊరుకుంటారాండి?"

"మనిషి చదివితే అది కంప్యూటరు ఎలాగవుతుంది?"

"ఫోను చేసినవాళ్ళకి లోపల మనిషుందో మిషనుందో ఏం కనపడుతుందండి!"

నాగబాబు సగం ఒప్పుకున్నాడు. పిలిపించినందుకు కొద్దిగా రుసుము మొదటిరోజు నుంచే తీసుకోవాలని జ్యోతిర్మయి పట్టుబట్టింది. ఊరికే ఇస్తే అందరూ బ్రహ్మాండం అంటారని, చేతినుంచి రూపాయి తీసినవాడి మాటే నిజమైన మాటని వాదించింది. దానికీ తలూపాడు. మిగిలింది గొంతు. నాగబాబు చదివితే పోట్లాడుతున్నట్టుంది. శాంతి చదివితే పక్కగదిలోకే వినపడలేదు. జ్యోతిర్మయికి పాఠాలున్నాయి. ముగ్గురూ తలలు పట్టుకున్నవేళ వంటింటి తలుపు కొంచెం కదిలింది.

"శాంతీ, ఆ చదివేదేదో నేను చదువుతానని చెప్పు."

ఎవరూ చెప్పనక్కర్లేకుండానే నాగబాబు, "సరేనని చెప్పు" అన్నాడు.

టీ కొట్ల దగ్గర, ఎరువుల కొట్టు దగ్గర కాగితాలు అంటించారు. "దింపు కావాలా? ఫోను చేయండి. కంప్యూటరు మాట్లాడుతుంది." వంటింట్లో బియ్యం డబ్బా మీద సెల్లు పెట్టుకుని, పాపాయమ్మ కొత్త చీర కట్టుకుని కూర్చుంది. ఫోన్లో చీర కనపడదని శాంతి అంటే, "నాకు కనపడుతుందిగా" అంది. జ్యోతిర్మయి షరతు ఒక్కటే. కాగితం మీద లేని మాట నోట్లోంచి రాకూడదు. మొదటి ఫోనుతోనే ఆ షరతుకి నూకలు చెల్లాయి.

"నమస్కారమండి. ఇది దింపు కంప్యూటరు. పెరటి చెట్లయితే ఒకటి నొక్కండి. కొబ్బరి తోటయితే రెండు నొక్కండి."

అవతలనుంచి టుయ్ మని చప్పుడొచ్చింది. పాపాయమ్మ కంగారుపడింది. ఒకటి నొక్కినా టుయ్యే, రెండు నొక్కినా టుయ్యే అయితే ఎలా తెలిసేది?

"ఏది నొక్కేరండీ?" అంది కంప్యూటరు.

"పాపాయమ్మొదినా?" అంది అవతలి గొంతు. వెనక వీధి సూరమ్మ.

"ఇది కంప్యూటరండీ."

"ఆయ్, కంప్యూటరే అనుకో. గొంతెందుకలా బొంగురుపోయింది? మిరియాల పాలు తాగలేదా?"

"తాగేను. తగ్గలేదు. మీ కోడలికి నెలలు నిండుతున్నట్టున్నాయి కదా, పుట్టింటికి పంపేరా?" అని కంప్యూటరు అడిగింది. అడిగాక నాలిక కరుచుకుంది.

ఆ సాయంత్రం జ్యోతిర్మయి విని నవ్వలేక నవ్వింది. పాత కాగితం చింపి కొత్తది రాసింది. ఒకటి, రెండు తీసేసి, పెరటి చెట్లయితే ఒకసారి నొక్కండి, తోటయితే రెండుసార్లు నొక్కండి అని మార్చింది. ఏ అంకె నొక్కినా ఫరవాలేదు, చప్పుళ్ళు ఎన్నో లెక్కపెడితే చాలు. "చూసేరా బావగారూ, ప్రోగ్రాములో ఇలాంటిది మార్చాలంటే ఎన్నాళ్ళు పట్టునో!" అంది. ఎవరు చేసిందీ సెల్లులో నంబరు పడుతుంది కాబట్టి, తర్వాత నాగబాబు వాళ్ళకి చేసి ఇల్లెక్కడో కనుక్కునేవాడు.

ఫోన్లు రావడం మొదలైంది. కానీ క్యూ కడతారన్న ఆసాముల జాడే లేదు. పాపాయమ్మ చెవులు రిక్కించి విన్నా అన్నీ ఒంటి చప్పుళ్ళే. ఒకేఒక్కసారి రెండు చప్పుళ్ళు వస్తే నాగబాబు బండి మీద ఎగిరి వెళ్ళాడు. తీరా చూస్తే అవతలాయనకి చెయ్యి జారిందట. నాగబాబు ఉండబట్టలేక ఒక పెద్ద ఆసామినే అడిగేశాడు. "మా తాతల నాటినుంచీ దింపేవాళ్ళే మా తోటకొస్తారండి. అడ్వాన్సులిచ్చి పెట్టుకున్నాం. కంప్యూటరుకి ఇంకా అడ్వాన్సెక్కడివ్వమంటారండి?" అన్నాడాయన. దింపు మనుషుల కోసం తిరగవలసిన కర్మ తనలా కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాడిదే తప్ప ఆసాములది కాదని నాగబాబుకి అప్పుడు తెలిసింది.

ఫోను చేసేవాళ్ళంతా పెరట్లో మూడో నాలుగో చెట్లున్న ఇళ్ళవాళ్ళు. ఎక్కువమంది ఆడవాళ్ళు, మగవాళ్ళు గల్ఫులో ఉన్నవాళ్ళు. ఎండుకాయ రాలి రేకుల మీద పడితే ఇల్లంతా దద్దరిల్లుతుంది. పెంకుల మీద పడితే పగులుతాయి. నెత్తిన పడితే ఇంక చెప్పేదేముంది. వీళ్ళకి నిజంగా మనిషి కావాలి.

కానీ దింపు మనిషి దానం రానన్నాడు. "నాలుగు చెట్లకి తాడూ కత్తీ కట్టుకుని, సైకిలు తొక్కుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి ఎలాగొత్తానండి, నాగబాబుగారూ? తోటలోకెళ్తే పూటకి ఎన్ని చెట్లెక్కుతాను! నాకు గిట్టద్దాండి?" అన్నాడు. న్యాయమైన మాటే. దానికి జవాబు కాగితం మీద ఎక్కడా లేదు.

జవాబు పాపాయమ్మ నోట్లోంచి ఊడిపడింది. సూరమ్మ మళ్ళీ ఫోను చేసి, మనిషి ఎప్పుడొస్తాడని అడిగితే కంప్యూటరు కాగితం పక్కన పెట్టేసింది.

"నీ ఒక్కదాని మూడు చెట్లకీ ఎవడొత్తాడు, సూరమ్మా? నీ పక్కింటి వెంకటరమణమ్మని కూడా అడుగు. ఆవిడ చెట్టు కాయలు నీ రేకుల మీదేగా పడేది. అటు పక్కవాళ్ళనీ అడగమను. వీధి వీధంతా ఒక్కరోజున దింపించుకుంటే దానం పొద్దున్న ఈ చివర దిగి, మధ్యాహ్నానికి ఆ చివర తేలతాడు."

"ఈ మాట కంప్యూటరు చెప్పిందా, నువ్వు చెప్తన్నావా?"

"ఎవరు చెప్తే నీకెందుకు? మంగళవారం మీ వీధి!"

మంగళవారం ఆ వీధి, బుధవారం ఇంకో వీధి. దానం సైకిలు ఒకచోట స్టాండు వేసి తోటలో ఎక్కినన్ని చెట్లూ ఎక్కాడు. రుసుము కూడా ఎవరూ గొణక్కుండా ఇచ్చారు. నాగబాబు ఆనందం పట్టలేక, కాకినాడ వాళ్ళని పిలుస్తానన్నాడు.

జ్యోతిర్మయి ఆగమంది. "మొదటిసారి వింతకి చేస్తారండి, బావగారూ. నెలా పదిహేను రోజులకి మళ్ళీ కాయ తయారవుతుంది. అప్పుడు వాళ్ళంతట వాళ్ళు ఫోను చేస్తే ఇది నిలబడినట్టు. అప్పుడు పిలుద్దాం."

సరిగ్గా ఆ మధ్యలోనే మస్కట్‌నుంచి పాత సేఠు కబురు పంపాడు. ఉద్యోగం ఖాళీగా ఉంది, వస్తావా రావా తేల్చమన్నాడు. ఆ రాత్రి అన్నాలు తింటూ నాగబాబు శాంతితో తేల్చి చెప్పాడు. రెండో దింపుకి ఫోన్లు వస్తే ఉండిపోతాడు. రాకపోతే పాస్‌పోర్టు పట్టుకుని నర్సాపురం ఏజెంటు దగ్గరికి వెళ్తాడు. తలుపు వెనక పాపాయమ్మ చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇంకోమాట" అన్నాడతను. "మీ అమ్మగారిని ఈసారి కాగితం దాటొద్దని చెప్పు. కంపెనీ వాళ్ళు చేసేది మిషను. అది కోడళ్ళ సంగతులు అడగదు కదా. మిషను మాట్లాడినట్టే మాట్లాడితే గానీ మనకి నిజం తెలీదు."

శాంతి చెప్పకముందే తలుపు వెనక తల ఊగింది.

అల్లుడు ఉండిపోవాలి. అల్లుడు కాగితం దాటొద్దన్నాడు. కాబట్టి పాపాయమ్మ ప్రాణం పోయినా కాగితం దాటదు. రెండో దింపు దగ్గరపడి ఫోను మోగితే, కొంగు నోట్లో కుక్కుకుని, కాగితం మీద మాట చెప్పేటప్పుడు మాత్రం తీసి, మళ్ళీ కుక్కుకునేది. అంత నిష్ఠగా ఆవిడ వ్రతాలు కూడా చెయ్యలేదు.

"నమస్కారమండి. ఇది దింపు కంప్యూటరు."

"వదినా, నేను సూరమ్మని. మా కోడలికి మొగపిల్లాడు పుట్టేడు!"

లోపల పాపాయమ్మ గుండె ఎగిరి గంతేసింది. బరువెంత, ఎవరి పోలిక, తల్లి ఎలా ఉంది, ఇన్ని ప్రశ్నలు గొంతులో తోసుకుంటూ వచ్చాయి.

"పెరటి చెట్లయితే ఒకసారి నొక్కండి" అంది కంప్యూటరు.

"వదినా?"

"తోటయితే రెండుసార్లు నొక్కండి."

సూరమ్మ ఫోను పెట్టేసింది. వీధిని కూడగట్టమని చెప్పేవాళ్ళు లేక మిగతావాళ్ళూ అలాగే పెట్టేశారు. పాపాయమ్మ పుట్టింటికి వెళ్ళిపోయిందని, లోపల నిజం కంప్యూటరే పెట్టారని ఊళ్ళో పుకారు లేచింది. ఇంకొకరు పాపాయమ్మకి పక్షవాతం అన్నారు. సూరమ్మ చూసిపోదామని అరటిపళ్ళు పట్టుకుని వచ్చింది. ఆవిడ వాకిట్లో కూర్చుని ఉంటే లోపల నాగబాబు ఉన్నాడన్న భయంతో పాపాయమ్మ గట్టిగా పలకరించలేక, సైగలతో మనవడి సంగతులు కనుక్కుంది. దాంతో పక్షవాతం ఖాయమైపోయింది.

ఆపైన ఫోను మోగడం మానేసింది. దానం రోజూ వచ్చి, అరుగు మీద కూర్చుని, కత్తి నూరుకుని వెళ్ళిపోయేవాడు.

ఎక్కడ చెడిందో పాపాయమ్మకి తెలుసు. కానీ మీరు చెప్పింది తప్పని అల్లుడి మొహాన ఎలా అంటుంది? శాంతితో చెప్పించబోయింది. "నేను చెప్పనమ్మా. నా మాట విని ఉండిపోయి, రేపు ఇది సాగకపోతే నావల్లే చెడిపోయాననుకుంటారు" అని శాంతి మొహం తిప్పుకుంది. అంట్ల దగ్గర రాగం ఎప్పుడో ఆగిపోయింది. గిన్నెల చప్పుడొక్కటే వినపడుతోంది. పాపాయమ్మకి ఆ చప్పుడు భరించరానిదిగా ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం నాగబాబు చొక్కా మార్చుకుని, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. శాంతి తలుపేసుకుని పడుకుంది. పాపాయమ్మ బియ్యం డబ్బా పక్కన కూర్చుంది. కాసేపటికి సెల్లు మోగింది.

"నమస్కారమండి. ఇది దింపు కంప్యూటరు."

అవతల జనం కేకలు, ఇంజను చప్పుడు. సఖినేటిపల్లి రేవు, గోదావరి దాటించే పంటు. ఆ చప్పుడు మలికిపురంలో ఎవరికి తెలీదు!

"అత్తయ్యగారూ, నేనండి, నాగబాబుని. శాంతి ఫోను ఎత్తట్లేదండి. నర్సాపురం వెళ్తన్నానని చెప్పండి. ఆ సెల్లు ఇంక కట్టేసేయండి. మిమ్మల్ని ఊరికే కష్టపెట్టేం."

పెళ్ళయిన పన్నెండేళ్ళలో అల్లుడు ఆవిడతో నేరుగా మాట్లాడడం అదే మొదలు. పాపాయమ్మ అలవాటు కొద్దీ కొంగు తలమీదికి లాక్కుని, గోడవైపు తిరిగింది. అత్తగారు అల్లుడితో మాట్లాడకూడదు. నిజమే. కానీ కంప్యూటరు మాట్లాడొచ్చు. కంప్యూటరుకి అల్లుళ్ళుండరు.

"ఇది కంప్యూటరండీ" అంది, కాగితం చదివే గొంతుతోనే. "మీరు మస్కట్ వెళ్ళేటట్టయితే ఒకసారి నొక్కండి. పాపాయమ్మని తన నోటితో మాట్లాడనిచ్చి చూసేటట్టయితే రెండుసార్లు నొక్కండి."

ఇంజను చప్పుడొక్కటే.

"అత్తయ్యగారూ, అదేంటండి..."

"తప్పు నొక్కేరండీ" అంది కంప్యూటరు. ఆపైన కాగితం చదివే గొంతు వదిలేసింది. "జనం మిషను కోసం ఫోను చెయ్యలేదండి. పక్కింటావిడని అడగమని, మంగళవారం మీ వీధని చెప్పే మనిషి కోసం చేసేరండి. మీరు కాగితం దాటొద్దన్నారు, నేను దాటలేదు. ఎదురుచెప్పడం చేతకాక ఊరుకున్నాను, నా నోరు పడిపోను. మీరెళ్ళిపోతే మా పిల్ల మళ్ళీ ఆ ఫోను చెవికి పెట్టుకుని కూర్చుంటాదండి. పదేళ్ళు చూసేను. ఇంక చూడలేనండి. ఇప్పుడు నొక్కండి."

పంటు కూత వేసింది. ఎక్కండి ఎక్కండి అని ఎవరో అరిచారు.

టుయ్.

పాపాయమ్మ కళ్ళు మూసుకుంది. ఒక చప్పుడు. మస్కట్. సెల్లు చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. అవతల ఇంజను చప్పుడు దూరమవుతోంది. మనిషి పంటులో ఉంటే చప్పుడు దూరమవ్వదే అని ఆవిడకి తట్టేలోపల,

టుయ్.

"రెండోది నొక్కబోతే ఎక్కేవాళ్ళు తోసేశారండి" అన్నాడు నాగబాబు. "పంటు వెళ్ళిపోయిందండి. నేను ఒడ్డునే ఉన్నాను."

పాపాయమ్మ కొంగుతో మొహమంతా తుడుచుకుని, "మీ ఎంపిక నమోదయిందండీ" అంది. ఆ మాట కాగితం మీద ఉందో లేదో ఆవిడకీ గుర్తులేదు.

సెల్లులో మిగిలిపోయిన నంబర్లన్నిటికీ ఆ సాయంత్రమే కంప్యూటరు తనంతట తనే ఫోను చేసింది. సూరమ్మ మనవడి బరువు మొదటి ప్రశ్న. దింపు ఎప్పుడన్నది నాలుగో ప్రశ్న. వారం తిరిగేసరికి వీధులకి రోజులు చాలక, దానం ఇంకో మనిషిని వెంటేసుకొచ్చాడు. పాపాయమ్మకి పక్షవాతం తగ్గిందని ఊరంతా సంతోషించారు.

మూడో దింపు కూడా నిలబడ్డాక, నాగబాబు కాకినాడ వాళ్ళని పిలవలేదు. ఒకే ఒక్క కుర్రాణ్ణి, జ్యోతిర్మయి ఎరిగినవాణ్ణి, పెట్టుకున్నాడు. అతను వచ్చి, ఇప్పుడు నడుస్తున్న సిస్టం చూపించమన్నాడు. శాంతి వంటింటి వైపు చెయ్యి చూపించింది. అతను లోపలికెళ్ళి చుట్టూ చూసి, ఒక బియ్యం డబ్బా, ఒక పెద్దావిడ తప్ప ఇంకేమీ కనపడక బయటికొచ్చి, ఎక్కడండీ అన్నాడు.

అతను చెయ్యవలసిన పని మొదట అనుకున్నదానిలో పావువంతు కూడా లేదు. హిందీ వద్దు, ఇంగ్లీషు వద్దు, మ్యాపులొద్దు, ఫోటోలొద్దు, అసలు తోట అన్న మాటే వద్దు. ఫోను చేసిన ఇంటిది ఏ వీధో చూసి, ఆ వీధిలో మిగతావాళ్ళకి రోజు చెప్పాలి. నెలా పదిహేను రోజులకి కాయ తయారైందా అని అడగాలి. గొంతు పాపాయమ్మదే రికార్డు చేశారు, ఈసారి మిరియాల పాలు తాగించి మరీ. జ్యోతిర్మయి చివర్న ఒక్క మాట చేర్పించింది. పాపాయమ్మగారితో మాట్లాడాలంటే తొమ్మిది నొక్కండి.

డబ్బు పోసి చేయించిన ఆ ప్రోగ్రాములో ఊళ్ళో జనం వాడింది ఆ తొమ్మిదొక్కటే. నమస్కారమండి అనేలోపలే తొమ్మిది నొక్కేవారు. కుర్రాడు నొచ్చుకున్నాడు గానీ, వీధుల లెక్కా నెలా పదిహేను రోజుల లెక్కా మిషనే చూసుకోవడంతో పాపాయమ్మకి మాట్లాడ్డానికి కావలసినంత తీరిక దొరికింది.

అందరికన్నా ఎక్కువసార్లు తొమ్మిది నొక్కేది ఎవరని ఒకరోజు కుర్రాడు కంప్యూటరులో చూశాడు. ఒకే నంబరు, రోజూ, ఒక్కోసారి రోజుకి నాలుగుసార్లు. ఎవరో పిచ్చివాడనుకుని నాగబాబుకి చూపించబోతే, అతను సిగ్గుపడిపోయి కుర్రాణ్ణి టీకి పంపేశాడు.

ఆ పూట కూడా నాగబాబు వీధరుగు మీద కూర్చుని ఫోను చేశాడు. రికార్డు గొంతు నమస్కారం చెప్పకముందే తొమ్మిది నొక్కాడు. గోడకవతల వంటింట్లో సెల్లు మోగింది. పాపాయమ్మ పొయ్యి తగ్గించి, కొంగు తలమీదికి లాక్కుని ఎత్తింది.

"అత్తయ్యగారూ, ఇవాళ కూరేంటండి?"

"పనసపొట్టు, ఆవ పెట్టేనండి. అది సరేగానీ అల్లుడుగారూ, సూరమ్మ కోడలు పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటినుంచి వచ్చేసింది, తెలుసాండి?" అని ఆవిడ మొదలుపెట్టింది.